పోగు అతికే చెయ్యి



సూరత్ నుంచి భరూచ్ వైపు వెళ్లే రైలు దారిలో కిమ్ అని ఒక చిన్న పట్టణం ఉంది. ఆ చుట్టుపక్కల మరమగ్గాల షెడ్లు ఉన్నాయి. సూరత్ మగ్గాలకూ మన నేతన్నలకూ ఉన్న బంధం మీకు తెలియనిది కాదు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి తరతరాలుగా వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఈరోజు నేను చెప్పబోయే మనిషి కిమ్ దగ్గర షెడ్డులో పనిచేసే నేతకారుడు. నలభై ఐదు దాటిన వయసు, కుడి చెయ్యి వాటం. ఒకరోజు తెల్లవారుజామున పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఒక విషయం ముందే చెప్పాలి. ఈయన ఏ ఒక్క వ్యక్తీ కాడు. ఫిజియోథెరపిస్టుగా నేను మళ్లీ మళ్లీ చూసే పరిస్థితులను ఒక్క మనిషిలో కలిపి చెబుతున్నాను. ఆయన అడిగే ప్రశ్న మాత్రం అందరూ అడిగేదే: "సార్, నేను మళ్లీ పోగు అతుకుతనా?"

మగ్గం మీద పడుగు పోగు తెగితే మగ్గం ఆపాల్సి వస్తుంది. తెగిన కొస వెతికి పట్టుకుని, దానికి మరో పోగు ముడివేసి, పన్నె సందులోంచి లాగి మళ్లీ మగ్గం నడపాలి. చెయ్యి తిరిగిన నేతకారుడికి అది రెప్పపాటు పని. కానీ అందులో బొటనవేలు, చూపుడువేలు కలిపి పట్టే పట్టు ఉంది, పట్టిన దాన్ని సరైన క్షణంలో వదలడం ఉంది, వెంట్రుకంత సన్నటి పాలిస్టర్ పోగును వేలి కొనతో గుర్తుపట్టే స్పర్శ ఉంది. పక్షవాతంలో ఎక్కువగా దెబ్బతినేవీ, అన్నిటికంటే ఆలస్యంగా వచ్చేవీ సరిగ్గా ఇవే.

మెదడులో ఏం జరిగిందో ముందు చూద్దాం. రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే, దాని మీద ఆధారపడిన భాగంలో నడిమి కణాలు త్వరగా చచ్చిపోతాయి. వాటి చుట్టూ ఉన్న కణాలు కొంతసేపు కొన ఊపిరితో ఉంటాయి. అందుకే పక్షవాతం లక్షణాలు కనిపించగానే 108కి ఫోన్ చేయాలని, గంటలు కాదు నిమిషాలు లెక్కపెట్టాలని డాక్టర్లు చెబుతారు. నడిమి భాగంలో చచ్చిన కణం మళ్లీ పుట్టదు. ఏ మందూ, ఏ వ్యాయామమూ దాన్ని బతికించలేదు. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా మిగిలిన కణాల గురించే.

మొదటి కొన్ని వారాల్లో చాలామందికి ఎంతో కొంత కదలిక తనంతట తనే వస్తుంది. మెదడు వాపు తగ్గుతుంది. దెబ్బ తగిలిన భాగంతో సంబంధం తెగి మూగబోయిన దూరపు భాగాలు నెమ్మదిగా మేల్కొంటాయి. ఆ సమయంలో ఏం చేసినా, చేయకపోయినా కొంత మెరుగుదల ఉంటుంది. మన ఊళ్లలో పక్షవాతానికి పసరు మందులు, నాటు వైద్యాలు ఇంకా ఎందుకు బతికి ఉన్నాయో ఇందులోనే సమాధానం ఉంది. పసరు పోసిన వారానికి చెయ్యి కాస్త లేస్తుంది, ఘనత పసరుకి పోతుంది. నా బాధ ఆ ఘనత గురించి కాదు. సూరత్ నుంచి మనిషిని బండెక్కించి సొంతూరికి తెచ్చి, ఆ పసరు కోసం ఊరూరా తిప్పుతూ పోగొట్టుకునే రోజుల గురించి. ఆ రోజులు ఎందుకంత విలువైనవో చెబుతాను.

1996లో రాండాల్ న్యూడో అనే శాస్త్రవేత్త, ఆయన బృందం స్క్విరల్ కోతుల మీద చేసిన ఒక ప్రయోగం ఫలితాలను ప్రకటించారు. మెదడు పైపొరలో చేతిని కదిలించే భాగం ఉంటుంది. ఏ చోట ఏ వేలిని, ఏ చోట మణికట్టును, ఏ చోట మోచేతిని కదిలిస్తుందో పటం గీసినట్టు గుర్తించవచ్చు. ఆ పటంలో చేతికి చెందిన చిన్న ముక్కను వాళ్లు దెబ్బతీశారు. అంతకుముందు తేలిందేమిటంటే, అలాంటి కోతిని ఏ సాధనా లేకుండా వదిలేస్తే, దెబ్బ తగలని పక్క భాగంలో కూడా చేతికున్న చోటు తగ్గిపోతుంది. షెడ్డులో ఒక నేతకారుడు కొన్నాళ్లు రాకపోతే అతని మగ్గాలను యజమాని పక్కవాడికి అప్పగిస్తాడు కదా, మెదడులో కూడా అంతే, పని చేయించుకోని చోటు చేతిది కాకుండా పోతుంది. ఈ ప్రయోగంలో మాత్రం కోతులకు రోజూ ఒక పని పెట్టారు. పలకలో చిన్న చిన్న గుంటలు, ఒక్కో గుంటలో చిన్న ఆహారపు గుళిక. దెబ్బతిన్న చేతి వేళ్లతోనే దాన్ని బయటకు తీయాలి. అలా సాధన చేసిన కోతుల్లో చేతి చోటు పోకుండా నిలిచింది. కొన్నిటిలో అయితే అంతకుముందు మోచేతికి, భుజానికి చెందిన చోట్లలోకి కూడా చెయ్యి విస్తరించింది.

మెదడు తన తీగల్ని తిరిగి అల్లుకోవడం అనేది ఇదే. న్యూరోప్లాస్టిసిటీ అని మీరు పత్రికల్లో చదివే మాటకు అర్థం కొత్త కణాలు మొలకెత్తడం కాదు. బతికి ఉన్న కణాల మధ్య ఉన్న అతుకులు బలపడటం, వాడని అతుకులు బలహీనపడటం, పక్కవాళ్లు కొత్త పని నేర్చుకోవడం. ఇదంతా పని జరిగినప్పుడే జరుగుతుంది.

అయితే "సరే, రోజూ చెయ్యి వెయ్యిసార్లు ఆడిస్తే సరిపోతుంది" అనుకుంటారేమో. అక్కడే అసలు మెలిక ఉంది. నాలుగేళ్ల తర్వాత, 2000లో, అదే పరిశోధకుల బృందం ఆరోగ్యంగా ఉన్న కోతులకు పెద్ద గుంటలోంచి గుళికలు తీసే పని పెట్టింది. గుంట పెద్దది కాబట్టి పని సులువు. కోతులు ఆ కదలికను వేలసార్లు చేశాయి. మెదడు పటంలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. కష్టపడి కొత్తగా నేర్చుకోవాల్సిన చిన్న గుంట పటాన్ని మార్చింది, చేతకొచ్చిన పెద్ద గుంట మార్చలేదు. అంటే మెదడును మార్చేది కదలిక సంఖ్య ఒక్కటే కాదు. తప్పుతూ, సరిదిద్దుకుంటూ, ఇవాళ నిన్నటి కంటే కాస్త మెరుగ్గా చేసే ప్రయత్నం. ఎవరో పక్కన కూర్చుని రోగి చేతిని పైకీ కిందికీ ఆడిస్తే కీళ్లు బిగుసుకోకుండా ఉంటాయి, అది కూడా అవసరమే. కానీ ఆ కదలికలో మెదడు ప్రయత్నం లేదు. కాబట్టి దాన్ని సాధన కింద జమ కట్టకూడదు.

ఇప్పుడు సంఖ్య సంగతి. కోతులు, ఎలుకలతో చేసిన ప్రయోగాల్లో ఒక రోజులో వందల సార్లు ఆ పని చేయిస్తారు. మనుషులకు ఆస్పత్రుల్లో ఎంత చేయిస్తున్నారు? అమెరికాలో కాథరీన్ లాంగ్ అనే పరిశోధకురాలి బృందం థెరపీ గదుల్లో కూర్చుని లెక్కపెట్టి 2009లో ఫలితం ప్రకటించింది. చేతితో పనికొచ్చే పని సాధన చేయించిన సమావేశాల్లో సగటున 32 సార్లు. వందలెక్కడ, ముప్పై రెండు ఎక్కడ! అదే బృందం తర్వాత ఒక గంటలో మూడు వందల పైచిలుకు సార్లు చేయించడం సాధ్యమేనని చూపింది. గంటసేపు థెరపీ అంటే గంటసేపు సాధన అని మనం అనుకుంటాం. మాటలు, విశ్రాంతి, పట్టీలు కట్టడం, రక్తపోటు చూడటం పోగా మిగిలేది తక్కువ. కాబట్టి సమయం కాదు, చేసిన ప్రయత్నాలు లెక్కపెట్టండి.

మన నేతన్న దగ్గరకు వద్దాం. మూడో రోజున ఆయన మంచం పక్కన నిలబడి నేను చూసేవి రెండే. చెయ్యిని పక్కకు భుజం దగ్గర నుంచి కొంచెమైనా లేపగలుగుతున్నాడా? ముడుచుకున్న వేళ్లను ఏ కాస్తయినా తెరవగలుగుతున్నాడా? ఇవి చూడటానికి చిన్న విషయాలు. నెదర్లాండ్స్ పరిశోధకులు 2010లో ప్రకటించిన ఫలితం వింటే వాటి బరువు తెలుస్తుంది. పక్షవాతం వచ్చిన తొలి మూడు రోజుల్లోనే ఈ రెండూ కొద్దిగా ఉన్నవాళ్లలో, ఆరు నెలలకు చేతిలో కొంత పనితనం తిరిగి వచ్చే అవకాశం 98 శాతం. రెండూ లేనివాళ్లలో 25 శాతం. మెదడు పైపొర నుంచి వెన్నుపాములోకి దిగే నరాల కట్ట ఒకటి ఉంది, చేతి వేళ్లకు ఆజ్ఞలు ప్రధానంగా దాని గుండానే వెళ్తాయి. వేలు తెరుచుకుందంటే ఆ కట్టలో కొన్ని పోగులైనా తెగకుండా ఉన్నాయని అర్థం. సాధన పనిచేసేది ఆ మిగిలిన పోగుల మీదే. మన నేతన్నకు భుజం కాస్త లేచింది. వేళ్లు మెరుపులా ఒక్కసారి తెరుచుకుని ముడుచుకున్నాయి. ఆ మెరుపే మన పెట్టుబడి.

వారం తర్వాత ఆయన ఆస్పత్రి నుంచి తన గదికి వచ్చాడు. గదిలో ఇంకో నలుగురు తోటి నేతకారులున్నారు. మంచివాళ్లు. "అన్నా, నువ్వు కూసో, నేను తినిపిస్త" అంటారు. స్నానం చేయిస్తారు, చొక్కా తొడుగుతారు. ఆయన కూడా అలవాటు పడి అన్నిటికీ ఎడమ చెయ్యి వాడతాడు. కుడి చెయ్యి ఒళ్లో పడి ఉంటుంది. దెబ్బ తిన్న చెయ్యి మొదట ప్రయత్నించి విఫలమవుతుంది, మంచి చెయ్యి పని జరిపించేస్తుంది, కొన్నాళ్లకు చెయ్యిలో శక్తి తిరిగి వచ్చినా దాన్ని వాడాలన్న తలంపే రాదు. వాడకపోవడం కూడా నేర్చుకున్న అలవాటే అని కనిపెట్టినవాడు ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రవేత్త. మంచి చేతికి తొడుగు వేసి, మేలుకుని ఉన్న సమయంలో చాలా భాగం దాన్ని కట్టిపడేసి, పడిన చేత్తోనే పనులు చేయించే పద్ధతి ఆయనదే. 2006లో అమెరికాలో 222 మందితో జరిపిన పరీక్షలో, పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన వాళ్లకు రెండు వారాలు ఇలా చేయిస్తే మామూలు వైద్యం పొందినవాళ్ల కంటే చెయ్యి మెరుగ్గా పనిచేసింది. కానీ ఆ పరీక్షలోకి తీసుకున్నది మణికట్టు, వేళ్లు కొంతైనా తమంతట తాము తెరవగలిగినవాళ్లనే. పూర్తిగా కదలని చేతికి ఈ పద్ధతి పెడితే మనిషికి మిగిలేది రోజంతా ఓటమి.

మా నేతన్నతో రెండో వారం చివర్లో మొదలుపెట్టిన పని ఇది. ఆయనను గోడవారగా కుర్చీలో కూర్చోబెట్టాం, ముందు బల్ల. బల్ల మీద పది ఖాళీ కండెలు. వాటిని కుడి చేత్తో ఒక్కొక్కటిగా అందుకుని, పక్కనున్న బుట్టలో వేయాలి. ఎడమ చెయ్యి బల్ల కింద ఉండాలి, సాయానికి రాకూడదు. మొదటి రోజు ఏం జరిగిందో గమనించండి. చెయ్యి చాపాల్సిన చోట ఆయన నడుము వంచి, ఒళ్లంతా ముందుకు వేసి కండెను అందుకున్నాడు. పని అయింది. కానీ మోచెయ్యి చాచలేదు, భుజం పైకి ఎగరేశాడు. ఇదే పద్ధతిలో వెయ్యిసార్లు చేస్తే ఆయన మెదడు నేర్చుకునేది నడుము వంచడమే. దానికి పాత చీర ముక్కతో ఛాతీని కుర్చీ వీపుకు వదులుగా కట్టాం. ఊపిరికి అడ్డు రాకుండా, పక్కన మనిషి ఉన్నప్పుడే. కట్టు వల్ల ఒళ్లు ముందుకు రాదు, కాబట్టి మోచెయ్యి చాచక తప్పదు. కండెలను మొదట జానెడు దూరంలో పెట్టాం.

రెండో కష్టం వదలడం. పట్టుకోవడం త్వరగానే వచ్చింది, కండె బుట్ట మీదికి వచ్చాక వేళ్లు తెరుచుకోవు. పక్షవాతం తర్వాత ముడిచే కండరాలు బిగుసుకుంటాయి, తెరిచే కండరాలు నీరసంగా ఉంటాయి. అందువల్లే, వేళ్లు బిగుసుకుని ఉన్నవాళ్ల చేతికి స్పంజి బంతి ఇచ్చి రోజంతా నొక్కమంటే నాకు నచ్చదు. ఆయనకు కావాల్సింది తెరవడం. మేము వదలడాన్నే పనిగా చేశాం. మణికట్టును కాస్త కిందికి వంచితే వేళ్లు సులువుగా తెరుచుకుంటాయి, మొదట అలా వదలమన్నాం. తర్వాత రోజుల్లో మణికట్టు నిటారుగా ఉంచి వదలమన్నాం.

లెక్క ఎలా పెట్టాలి? గదిలో ఉన్న తోటివాడు ఒక గిన్నెలో చింతగింజలు పెట్టుకున్నాడు. పది కండెలు పూర్తయితే ఒక గింజ పక్క గిన్నెలోకి. తొలిరోజు మూడు గింజలతో ఆగింది. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, మధ్యలో అలసట తీరేలా విశ్రాంతి. వారం వారం పెంచుకుంటూ పోతే నెలన్నరకు రోజుకు ఇరవై, ఇరవై ఐదు గింజలు. అంటే రెండు వందలు, రెండు వందల యాభై ప్రయత్నాలు. అదీ ఒకే కండెలతో కాదు. పదిలో ఎనిమిది తేలిగ్గా వస్తున్నాయంటే పని చాలా సులువైపోయిందని లెక్క, పెద్ద గుంట కథ గుర్తుంచుకోండి. అప్పుడు కండెలను దూరం జరిపాం, ఎత్తులో పెట్టాం, చిన్న వస్తువులు ఇచ్చాం. పదిలో సగం కూడా రాకపోతే కష్టం మితి మించిందని, ఒక మెట్టు దిగాలని అర్థం. ఈ లెక్క ఏ పుస్తకంలోని చట్టమూ కాదు, గదిలో పనికొచ్చే కొలబద్ద.

రెండో నెల దాటాక పోగు చేతికిచ్చాం. మొదట జనపనార తాడు, తర్వాత నూలు దారం, ఆ తర్వాతే పాలిస్టర్ పోగు. ముడి వేయడాన్ని ముక్కలుగానూ నేర్పాం, మొత్తంగానూ చేయించాం. ముక్కలే చేయిస్తే ముక్కలే వస్తాయి, ముడి రాదు. ప్రతి ఆదివారం ఫోనులో రెండు పనులు. పది కండెలు బుట్టలో వేయడానికి ఎన్ని సెకన్లు పట్టిందో గడియారం పెట్టి రాసుకోవడం, పక్క నుంచి వీడియో తీయడం. సమయం తగ్గుతోంది, నడుము వంగడం లేదు అంటే చెయ్యి నిజంగా నేర్చుకుంటోంది. సమయం తగ్గుతోంది కానీ భుజం ఎగురుతోంది, ఒళ్లు వాలుతోంది అంటే చెయ్యి కాదు, ఒళ్లు తెలివి మీరుతోంది. మెరుగుదల పేరుతో ఇంట్లోవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

ఇంకో సంగతి. ఇంటి మధ్యలో పైకప్పుకు గిలక కట్టి, పడిన చేతిని మంచి చేత్తో తాడు లాగి పైకెత్తే అలవాటు చాలా ఇళ్లలో చూస్తాను. దయచేసి ఆపండి. కండరాల పట్టు తప్పిన భుజం కీలును అలా గుంజితే నొప్పి పుడుతుంది. మూడు రకాల వ్యాయామాలను పోల్చిన 1990 నాటి ఒక అధ్యయనంలో, గిలక వాడినవాళ్లలో 62 శాతం మందికి భుజం నొప్పి వచ్చింది, నెమ్మదిగా చేత్తో కదిలించినవాళ్లలో 8 శాతం మందికే. నొప్పి ఉన్న చెయ్యిని ఎవరూ వాడరు, వాడని చెయ్యి ఏమవుతుందో ఇంతకుముందే చెప్పాను. అలాగే మంచం మీద నుంచి లేపేటప్పుడు పడిన చెయ్యి పట్టి గుంజకండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి? ఎంత త్వరగా అయితే అంత మంచిదా? ఇక్కడ కూడా ఒక మెలిక ఉంది. 2015లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో రెండు వేల మందికి పైగా రోగులున్నారు. 24 గంటలలోపే మంచం దింపి ఎక్కువ మోతాదులో నిలబెట్టి నడిపించిన వర్గంలో, మూడు నెలలకు మంచి స్థితిలో ఉన్నవాళ్లు మామూలు వైద్యం పొందినవాళ్ల కంటే తక్కువయ్యారు. తొలి రోజు మెదడు ఇంకా గాయంలోనే ఉంటుంది, తొందర పనికిరాదు. అలాగని ఆలస్యమూ మంచిది కాదు. ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, అయిదో రోజున మొదలుపెట్టిన సాధన బాగా పనిచేసింది, నెల తర్వాత మొదలుపెట్టింది పనిచేయలేదు. మనుషుల్లో ఇంత కచ్చితమైన గీత లేదు. 2021లో అమెరికాలో 72 మందితో చేసిన పరీక్షలో, అదనంగా ఇచ్చిన ఇరవై గంటల సాధన అన్నిటికంటే ఎక్కువ ఫలమిచ్చింది రెండు, మూడు నెలల మధ్య ఇచ్చినప్పుడు. ఆరు నెలలు దాటాక ఇచ్చినప్పుడు మామూలు వైద్యానికి దానికి తేడా కనిపించలేదు. పసరు కోసం తిరుగుతూ పోగొట్టుకునేది ఈ నెలల్నే.

మరి ఆరు నెలలు, ఏడాది దాటిన వాళ్ల సంగతి? తలుపు మూసుకుపోదు, కానీ సందు ఇరుకవుతుంది. లాంగ్ బృందమే 2016లో, పక్షవాతం వచ్చి ఆరు నెలలు దాటిన 85 మందికి వేర్వేరు మోతాదులిచ్చి చూసింది. ఒక వర్గానికి మొత్తం 3200 సార్లు, మరో వర్గానికి 6400, ఇంకో వర్గానికి 9600. మొత్తం మీద కొద్దిపాటి మెరుగుదలే వచ్చింది. మూడింతలు చేసినవాళ్లు మూడింతలు మెరుగవలేదు, అసలు మోతాదును బట్టి తేడా రాలేదు. ఎక్కువ చేస్తే ఎక్కువ వస్తుందన్న సూత్రానికి ఒక హద్దు ఉందని అందరికంటే ఎక్కువగా సంఖ్యను నమ్మిన పరిశోధకులే తేల్చారు. నాకు ఆ నిజాయితీ నచ్చుతుంది.

మన దేశంలో జరిగిన పరీక్ష ఇంకో చేదు పాఠం చెబుతుంది. 2017లో ఫలితాలు వెలువడిన అటెండ్ అనే ఆ పరీక్షలో 14 ఆస్పత్రులు, 1250 మంది రోగులున్నారు. ఫిజియోథెరపిస్టులు తక్కువగా ఉన్న దేశం కదా, ఇంట్లోవాళ్లకే శిక్షణ ఇచ్చి ఇంటికి పంపితే సరిపోతుందేమో చూద్దామని. ఆరు నెలలకు చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడినవాళ్లు కలిపి రెండు వర్గాల్లోనూ 47 శాతమే. తేడా లేదు. ఇంట్లోవాళ్ల ప్రేమ పనికిరాదని దీని అర్థం కాదు. కుటుంబం చేతిలో ఒక కాగితం పెట్టి వదిలేస్తే సరిపోదని. ఎంత చేయించాలి, ఎప్పుడు కష్టం పెంచాలి, నడుము వంగడం ఎలా గుర్తించాలి, ఇవన్నీ చూసి సరిదిద్దే కళ్లు మధ్యమధ్యలోనైనా ఉండాలి. నేతన్న గదిలో తోటివాడు చింతగింజలు లెక్కపెట్టగలడు. వీడియో చూసి "భుజం ఎగురుతోంది, కండెను దగ్గరికి జరపండి" అనాల్సింది ఫిజియోథెరపిస్టే. సూరత్‌లో అయినా, ఊరికి తిరిగొచ్చాక వరంగల్‌లో అయినా, రోజూ వెళ్లలేకపోతే వారానికో పదిరోజులకో ఒకసారి ఆ వీడియో చూపించండి.

ఆరు నెలలకు మన నేతన్న చెయ్యి ఎక్కడుంది? అన్నం తానే కలిపి తింటున్నాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు, కాస్త ఆలస్యంగా. నూలు దారం ముడివేస్తున్నాడు. పాలిస్టర్ పోగు ముడి కూడా పడుతుంది, కానీ చూస్తూ వేయాలి, చూడకుండా వేళ్లకు తెలియదు. స్పర్శ పూర్తిగా రాలేదు. ఒక మనిషి డజను మగ్గాలు చూసుకునే షెడ్డులో అది చాలదు. నాడె పరుగెత్తే మగ్గంలో నెమ్మదైన చెయ్యి పెట్టడం ప్రమాదం కూడా. నేను ఆయనకు మగ్గం మీదికి వెళ్లమని చెప్పను. కండెలు చుట్టే పని, బట్ట తనిఖీ చేసే పని అడగమంటాను. ఇది సాధన ఓడిపోయినట్టు కాదు, తెగకుండా మిగిలిన నరాలు ఎన్నో సాధన అంతవరకే తీసుకెళ్లింది. అదే మూడో రోజున వేళ్లు అసలు కదలనివాడైతే నేను మొదటి నుంచీ ఎడమ చేత్తో బతకడం నేర్పేవాడిని. కుడి చెయ్యి బిగుసుకోకుండా, నొప్పి లేకుండా చూసేవాడిని. ఒంటిచేత్తో పని చేసుకోవడం కూడా మెదడు నేర్చుకునేదే, దానికీ సాధన కావాలి.

మెదడు మార్పు చెందే గుణాన్ని అమ్ముకునేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. మూలకణాల సూదులతో పక్షవాతం పోగొడతామనే ప్రకటనలు మీరు చూసే ఉంటారు. భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాల ప్రకారం పక్షవాతానికి మూలకణాలను అనుమతి పొందిన పరిశోధనలో తప్ప వైద్యంగా అమ్మకూడదు. లక్షలు పోసి కొనే ముందు ఆ డబ్బుతో ఎన్ని నెలల ఫిజియోథెరపీ వస్తుందో లెక్కేసుకోండి. రక్తపోటు, షుగర్, రక్తం పలచబరిచే మాత్రలు మాత్రం మానకండి. చెయ్యి బాగుపడుతోందని మాత్రలు ఆపేసి రెండోసారి పక్షవాతం తెచ్చుకున్నవాళ్లకు మొదటిసారి సాధించింది కూడా పోతుంది. సాధన మధ్యలో ఛాతీలో నొప్పి, కొత్తగా మాట తడబడటం, మూతి వంకర పోవడం కనిపిస్తే కండెలు అక్కడే వదిలేసి 108కి ఫోన్ చేయండి.

ఇవాళ ఈ ప్రసంగం వింటున్న ఇంట్లో పక్షవాతం వచ్చి మూడు నెలలు కూడా నిండని మనిషి ఉంటే, మీకు ఒక్క మాట. రేపు ఉదయం ఆ చేతి వేళ్లు ఏ కాస్తయినా తెరుచుకుంటున్నాయేమో చూడండి. తెరుచుకుంటుంటే, ఈ వారంలోనే దగ్గరలోని ప్రభుత్వ ఆస్పత్రి ఫిజియోథెరపీ విభాగానికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ మనిషి తిరిగి చేయాలనుకుంటున్న పని ఏదో ఒక్కటి ఆయన్నే అడిగి తెలుసుకుని వెళ్లండి. ఆ పనితోనే మొదలుపెట్టమని అడగండి. ఆ పని ఎన్నిసార్లు చేశాడో రోజూ లెక్క రాయండి.